ఒక మీటరు, తొమ్మిది చెరువులు: కోనసీమ జిల్లా మత్స్యశాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా మత్స్యశాఖ అధికారి గారికి,
అమలాపురం.

అయ్యా,

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది పేరు చెప్పగానే అందరికీ నరసింహస్వామి గుడి, రథోత్సవం గుర్తొస్తాయి. ఈ లేఖ మాత్రం ఆ చుట్టుపక్కల ఉన్న రొయ్యల చెరువుల గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ చెరువుల రైతులు కలిసి వాడుకోవాల్సిన ఒక చిన్న పరికరం గురించి. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే ఆ పరికరాన్ని రైతులు డీవో మీటరు అంటారు. పెద్ద రైతుకు సొంత మీటరు ఉంటుంది. ఎకరం, రెండెకరాల చెరువు కౌలుకు తీసుకుని వనామి వేసిన వారికి అది భారం. అందుకే సంఘానికో రైతు సేవా కేంద్రానికో ఒక మీటరు ఇచ్చి, పది మందీ వాడుకోండి అనడం సహజంగా తోచే ఆలోచన. అది మంచి ఆలోచనే. అయితే మీటరు ఎవరి చేతిలో ఎప్పుడు ఉండాలి, తిరిగొచ్చినప్పుడు ఎవరు ఏం చూడాలి అన్న రెండు సంగతులు తేల్చకుండా దాన్ని ఊరికి పంపితే రైతుకు మేలు కన్నా కీడే ఎక్కువ జరిగే వీలుంది. ఎలాగో ఈ లేఖ వివరిస్తుంది.

కలిసి వాడుకునే పరికరాలకు ఈ దేశంలో బాగా స్థిరపడిన పద్ధతులు ఉన్నాయి. విశ్వవిద్యాలయాల్లో, జాతీయ ప్రయోగశాలల్లో ఉన్న ఖరీదైన పరికరాలను బయటి పరిశోధకులు కూడా సమయం బుక్ చేసుకుని వాడుకునేలా 2020 జనవరిలో ఐ-స్టెమ్ అనే జాతీయ వేదిక మొదలైంది. అక్కడ పరికరం ఒకచోట ఉంటుంది, మనుషులు దాని దగ్గరికి వెళతారు. దాన్ని కాపాడే టెక్నీషియన్ పక్కనే ఉంటాడు. రొయ్యల చెరువు దగ్గర పరిస్థితి దీనికి పూర్తిగా తిరగబడుతుంది. మీటరే గట్టు గట్టుకూ తిరగాలి. అర్ధరాత్రి, బురదలో, టార్చిలైటు వెలుగులో తిరగాలి.

ల్యాబుకు సీసాలో నీళ్లు పంపితే సరిపోదా అని అడగవచ్చు. ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ లాంటి వాటికి సరిపోతుంది. కోనసీమ రైతులు ఆ పని ఎప్పటి నుంచో చేస్తున్నారు. ఆక్సిజన్ సంగతి వేరు. సీసా ఎక్కిన నీటిలో నాచు, బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను తింటూనే ఉంటాయి. సీసా కుదిపినప్పుడల్లా గాలిలోది వచ్చి కలుస్తుంది. మలికిపురానికో రాజోలుకో చేరేసరికి ఆ సీసాలో ఉన్న అంకెకు చెరువులో ఉన్న అంకెతో సంబంధం ఉండదు. గట్టు మీదే రసాయనాలు కలిపి ఆక్సిజన్‌ను పట్టి ఉంచే వింక్లర్ పద్ధతి ఒకటి ఉంది. అది నమ్మకమైనదే గాని, రాత్రిపూట తొమ్మిది చెరువుల దగ్గర చేయగలిగే పని కాదు. కాబట్టి మీటరు తిరగక తప్పదు.

ఇక అసలు చిక్కు. కలిసి వాడుకునే ప్రొజెక్టరుకో మైక్రోస్కోపుకో ఒకరికి ఉదయం, మరొకరికి సాయంత్రం అని సర్దవచ్చు. డీవో మీటరు అందరికీ ఒకే వేళ కావాలి. పగలు ఎండలో నాచు ఆక్సిజన్‌ను తయారుచేస్తుంది కాబట్టి మధ్యాహ్నం దాటాక చెరువులో అది శిఖరానికి చేరుతుంది. చీకటి పడ్డాక ఆ తయారీ ఆగిపోతుంది. నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి తెల్లవార్లూ వాడుకుంటూనే ఉంటాయి. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు మధ్య అది అట్టడుగుకు దిగుతుంది. వనామికి లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాములు, అంటే రైతు భాషలో 4 పీపీఎం ఉండాలి. 3 కన్నా తగ్గితే మేత మానుతుంది, నీరసిస్తుంది. ఇంకా దిగితే తెల్లారేసరికి రొయ్యలు తేలుతాయి. పగలు పదకొండు గంటలకు మీటరు అందిన రైతుకు 6, 7 చూపించే అంకె తప్పుడు ధైర్యం తప్ప మరేమీ ఇవ్వదు.

ఒక చెరువుకు ఎంతసేపు పడుతుందో లెక్క వేద్దాం. గట్టు మీద నడక, ప్రోబు దింపి అంకె నిలకడగా నిలిచేదాకా ఆగడం, కడగడం, రాసుకోవడం అన్నీ కలిపి 20 నిమిషాలు అనుకుంటే నాలుగు నుంచి ఆరు లోపు ఆరు చెరువులే అవుతాయి. తొమ్మిది చెరువులు ఉంటే మూడు చెరువులకు ఆ రాత్రి మీటరు దక్కదు. ఎవరా ముగ్గురు అన్న దగ్గర తగాదా మొదలవుతుంది. సాధారణంగా గట్టిగా అడగలేనివారే ఆ ముగ్గురవుతారు.

దీనికి ఒక దారి అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. 1978లో క్లాడ్ బాయిడ్, ఆయన సహచరులు క్యాట్‌ఫిష్ చెరువుల మీద పనిచేసి, చీకటి పడ్డాక ఆక్సిజన్ తగ్గే వేగం రాత్రంతా ఇంచుమించు ఒకేలా ఉంటుందని చూపించారు. అందువల్ల పొద్దుగూకాక ఒకసారి, రెండు మూడు గంటల తర్వాత మరోసారి కొలిచి, ఆ రెండు అంకెలనూ గీతతో కలిపి ముందుకు సాగదీస్తే తెల్లవారుజాము అంకె ముందే తెలుస్తుంది. రొయ్యల చెరువుకూ ఈ సూత్రం వర్తిస్తుంది. అయితే రెండు కొలతల మధ్యలో ఏరేటర్లు వేసినా, ఆపినా గీత చెడుతుంది. గాలివాన వచ్చినా చెడుతుంది. ఇది గుర్తుంచుకుంటే మీటరును పంచుకునే పద్ధతే మారిపోతుంది. అందరికీ కావలసిన ఆ రెండు గంటల బదులు, రాత్రి ఆరు గంటలు పంచుకోవడానికి దొరుకుతాయి.

ఒక రాత్రి ఊహించి చూద్దాం. సాయంత్రం ఏడు గంటలకు మొదటి చెరువు. ఇరవై నిమిషాలకు ఒకటి చొప్పున పది గంటలకు తొమ్మిది చెరువులూ అవుతాయి. పదింటి నుంచి అదే వరుసలో రెండో చుట్టు, ఒంటి గంటకు పూర్తి. వరుస మారలేదు కాబట్టి ప్రతి చెరువుకూ రెండు కొలతల మధ్య సరిగ్గా మూడు గంటల ఎడం ఉంటుంది. మూడో చెరువును తీసుకుందాం. 7.40కి మీటరు 6.6 చూపింది. 10.40కి 5.4 చూపింది. మూడు గంటల్లో 1.2 తగ్గింది, అంటే గంటకు 0.4. ఇంకా 1.4 తగ్గితే 4కు చేరుతుంది, దానికి మూడున్నర గంటలు. అంటే రాత్రి 2.10కి ఆ చెరువు 4 గీత దాటుతుంది. ఏమీ చేయకపోతే 5.40కి 2.6కు పడిపోతుంది. కాబట్టి ఆ రైతు ఒకటిన్నరకే లేచి ఏరేటర్లు వేస్తాడు. పక్క చెరువులో గంటకు 0.2 మాత్రమే తగ్గుతుంటే ఆ రైతు నిశ్చింతగా పడుకుంటాడు, కరెంటు బిల్లో డీజిలో మిగులుతుంది. ఒంటిగంటకు మీటరు తిరిగొస్తుంది, దాన్ని సరిచూస్తారు. మళ్లీ నాలుగింటికి బయల్దేరి, గీత ప్రకారం బాగా పడిపోయేలా కనిపించిన ఆరు చెరువుల దగ్గరికే వెళుతుంది. తెల్లవారుజాము ఎవరి వంతు అన్నది ఇక పలుకుబడి తేల్చదు. రాత్రి రాసిన అంకెలే తేలుస్తాయి.

ఈ పద్ధతిలో ఒక్క మినహాయింపు ఉండాలి. కరెంటు పోయి ఏరేటర్లు ఆగిన చెరువుకు, రొయ్యలు గట్టు వెంబడి చేరుతున్న చెరువుకు వరుసతో పని లేకుండా మీటరు వెళ్లాలి. అలా వెళ్లినట్టు పుస్తకంలో ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే ఆ రాత్రి మిగిలిన చెరువుల మూడు గంటల ఎడం చెదిరిపోతుంది. చెదిరిన ఎడాన్ని చెదిరినట్టే రాసుకుంటే లెక్క తప్పదు. 10.40కి బదులు 11.10కి కొలిస్తే మూడుతో కాక మూడున్నరతో భాగించాలి, అంతే. రాయకపోతే మాత్రం తప్పుతుంది.

ఇప్పుడు తిరిగొచ్చినప్పుడు చూసుకోవలసిన వాటి గురించి. ఎక్కువమంది దీన్ని వస్తువు పగిలిందా లేదా అని చూడటంగానే అనుకుంటారు. డీవో మీటరు విషయంలో అంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది. పగలని మీటరు కూడా అబద్ధం చెప్పగలదు. ఆ అబద్ధం దాని తెర మీద రెండు దశాంశ స్థానాలతో ఎంతో నమ్మకంగా కనిపిస్తుంది.

అంతర్వేది దగ్గర ఇది మరీ ముఖ్యం. మీటరు నిజానికి కొలిచేది నీటిలోని ఆక్సిజన్ పీడనాన్ని. దాన్ని పీపీఎంలోకి మార్చడానికి నీటి వేడిమి, ఉప్పదనం తెలియాలి. వేడిమిని అదే చూసుకుంటుంది. సెలినిటీని మాత్రం చవక రకం మీటర్లలో మనిషే నొక్కి చెప్పాలి. 30 డిగ్రీల దగ్గర మంచినీరు పట్టగలిగిన ఆక్సిజన్ లీటరుకు 7.6 మిల్లీగ్రాముల దాకా ఉంటే, 20 పీపీటీ ఉప్పు నీరు పట్టేది సుమారు 6.8. ఇక్కడ వరదల నెలల్లో గోదావరి నీరు తీయగా వస్తుంది, వేసవిలో సముద్రం లోపలికి ఎగదన్నుతుంది. ఒకే ఊళ్లో ఒకరి చెరువు 5 పీపీటీ, ఇంకొకరిది 20 ఉండటం వింత కాదు.

పైన చెప్పిన మూడో చెరువు 20 పీపీటీ అనుకుందాం. ముందు రోజు మీటరు తీసుకెళ్లిన రైతు మంచినీటి చెరువులో చేపలు పెంచుతాడు, సెలినిటీని సున్నాకు పెట్టి అలాగే తిరిగిచ్చాడు. ఈ రాత్రి ఎవరూ చూడలేదు. 6.6 ఉండాల్సిన చోట మీటరు 7.4 చూపుతుంది, 5.4 ఉండాల్సిన చోట 6.0 చూపుతుంది. రైతు గీత గీసుకుంటే 4కు చేరేది 2.10కి కాదు, 2.57కి అని వస్తుంది. మూడుకు ఐదు నిమిషాలు తక్కువలో లేచి, ముందే లేచానన్న భరోసాతో ఏరేటర్ వేస్తాడు. అప్పటికే చెరువు 4 గీత దాటి ముప్పావుగంట గడిచింది. ఒక్క బటను నొక్కకపోవడం వల్ల అంత తేడా. మీటరు కొత్తదే. చెక్కు చెదరలేదు. సంచిలో అన్నీ ఉన్నాయి. పైపైన చూసే తనిఖీలో ఇది ఎప్పటికీ దొరకదు.

అందుకే తనిఖీ వస్తువుకు కాదు, అంకెకు జరగాలి. పద్ధతి కష్టమైనది కాదు. ప్రోబును తడి స్పాంజి ఉన్న చిన్న గిన్నెలాంటి మూతలో పెట్టి, పది పదిహేను నిమిషాలు కదలకుండా ఉంచాలి. తడి గాలిలో అది నూటికి నూరు శాతం చూపాలి. ఇచ్చేటప్పుడు ఈ అంకె రాయాలి, తిరిగొచ్చాక మళ్లీ చూసి రాయాలి. 97 నుంచి 103 మధ్య ఉంటే ఆ రాత్రి కొలతలన్నీ నమ్మవచ్చు. ఇచ్చినప్పుడు 100 ఉండి, వచ్చినప్పుడు 88 చూపితే, దారిలో ఎక్కడో ఏదో జరిగింది. మీటరును సరిచేసి ఊరుకుంటే చాలదు. ఆ రాత్రి దాన్ని వాడిన ప్రతి రైతుకూ ఫోన్ చేసి మీ అంకెను లెక్కలోకి తీసుకోకండని చెప్పాలి. ఎవరెవరు ఏ వేళకు వాడారో రాసి ఉన్న పుస్తకం ఉంటేనే ఇది సాధ్యం. రాత్రంతా రాసిన వేళలకు, తిరిగొచ్చాక చేసే తనిఖీకి ఉన్న సంబంధం ఇదే.

ఏం చెడుతుందో కూడా గుర్తుపట్టవచ్చు. పలుచని పొర ఉండే ప్రోబుల్లో ఆ పొర చిరిగితే అంకె ఒక చోట నిలవదు, ఎగురుతూ ఉంటుంది. పొర కింద గాలిబుడగ చేరితే అంకె నిలకడకు రావడానికి చాలాసేపు తీసుకుంటుంది. పొర మీద పాచి పేరుకుంటే అంకె తక్కువ చూపుతుంది. టార్చి వెలుగును పక్కనుంచి వేసి చూస్తే బుడగ, ముడత, పాచి మూడూ కంటికి కనిపిస్తాయి. ఈ రకం ప్రోబు తాను కొలిచే ఆక్సిజన్‌ను తానే కొంచెం కొంచెం తింటుంది కూడా. నీటిలో కదపకుండా వేలాడదీస్తే అంకె దానంతట అదే దిగిపోతుంది, రైతు ఉత్తపుణ్యానికి హడలిపోతాడు. మెల్లగా కదుపుతూ, అడుగు నేలకు అరడుగు పైన కొలవాలి, రొయ్యలు ఉండేది అక్కడే. వైరు మీద ఆ లోతుకు ఒక రంగు టేపు చుట్టి ఇస్తే చీకట్లో తడుముకోనక్కర్లేదు.

తనిఖీలో రెండో భాగం శుభ్రత. 1990ల నడుమ ఆంధ్ర తీరంలో రొయ్యల సాగును కుదేలు చేసిన తెల్లమచ్చ వైరస్ నీటితో, బురదతో, వలలతో, మనుషుల కాళ్లతో ఒక చెరువు నుంచి మరో చెరువుకు పాకుతుంది. గట్టు గట్టుకూ తిరిగే తడి ప్రోబు కూడా దానికి ఒక దారి. కాబట్టి ప్రతి చెరువు తర్వాత వైరు, తొడుగు క్లోరిన్ నీటితో తుడవాలి. ప్రోబు కొనకు మాత్రం కంపెనీ పుస్తకంలో చెప్పిందే వాడాలి. వెలుగుతో పనిచేసే కొత్త రకం ప్రోబుల కొనకు ఆల్కహాల్ తగిలితే పాడవుతుంది. ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా నూరు శాతం భరోసా ఉండదు. అందుకే వరుసలోనే జాగ్రత్త పెట్టాలి. చెక్‌ట్రేలో రొయ్య నలతగా కనిపించిన చెరువు ఆ రాత్రి చివరి వంతు తీసుకోవాలి. తెల్లమచ్చ అని తేలిన చెరువుకు ఉమ్మడి మీటరు అసలు వెళ్లకూడదు. అక్కడ వింక్లర్ సీసాయే దిక్కు.

ఇది చదివి, రైతులు తమ చెరువులో జబ్బు ఉందని ఎందుకు బయటపెడతారు అని ఎవరైనా అనవచ్చు. న్యాయమైన సందేహమే. దానికి జవాబు సఖినేటిపల్లి రేవు దాటితే దొరుకుతుంది. అవతల నరసాపురం, దాని పక్కన మొగల్తూరు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా, ఆసియా దేశాల ఆక్వా సంస్థల కూటమి నాకా కలిసి 2002లో ఆ మొగల్తూరులోనే చిన్న రైతులను ఒక బృందంగా కూర్చి ప్రదర్శన చెరువులు మొదలుపెట్టాయి. ఎవరి చెరువులో ఏం జరుగుతోందో పక్కవాళ్లకు చెప్పుకోవడం, సీడు కలిసి కొనడం, జబ్బు నీరు ఉమ్మడి కాలువలోకి వదలకపోవడం ఆ బృందాలు అలవాటు చేసుకున్న పద్ధతులు. ఆక్వా క్లబ్బులుగా అవి మిగతా తీరానికీ పాకాయి. ఆ అనుభవం మీదే 2007లో కాకినాడ కేంద్రంగా నాక్సా ఏర్పడింది. వశిష్ఠకు ఆ గట్టున సాగిన పని ఈ గట్టున సాగదనుకోవడానికి కారణం లేదు. చెప్పినవాడి చెరువుకు చివరి వంతైనా దక్కుతుందని, దాచినవాడు దొరికితే ఆ పంటకాలమంతా వంతు పోతుందని ముందే తెలిస్తే చెప్పేవాళ్లే ఎక్కువవుతారు.

అయ్యా, మీ కార్యాలయం నుంచి కావలసినవి మూడు.

మొదటిది, ఊరికి మీటరు ఇచ్చినప్పుడు దానితోపాటు పొరలు, పొర కింద పోసే ద్రావణం, అదనపు బ్యాటరీలు, ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటరు కూడా ఇవ్వాలి. పొర చిరిగిన నాడు కొత్తది కాకినాడ నుంచి వచ్చేదాకా మీటరు బీరువాలో పడుకుంటే, అంత పద్ధతిగా నడిచిన వంతులు వారంలో కుప్పకూలుతాయి. ఒకసారి కూలిన వరుసను మళ్లీ నిలబెట్టడం కొత్తగా మొదలుపెట్టడం కన్నా కష్టం.

రెండోది, పుస్తకం. ప్రతి వరుసలో చెరువు పేరు, బయల్దేరిన వేళ, సెలినిటీ ఎంత పెట్టారో, కొలత, ఇచ్చినప్పటి శాతం, వచ్చినప్పటి శాతం, ఇద్దరి సంతకాలు ఉంటే చాలు. ఫోన్‌లో యాప్ పెడతామంటే మంచిదే. కానీ తడి చేతులతో అర్ధరాత్రి ఎవరూ యాప్ నింపరు. తాడు కట్టిన పెన్సిలు, అట్ట ఉన్న పుస్తకం మీటరు సంచిలోనే తిరగాలి. తెల్లారాక గ్రామ మత్స్య సహాయకుడు దాన్ని ఫోన్‌లోకి ఎక్కించుకోవచ్చు. సెలినిటీ గడి ఖాళీగా ఉన్న వరుస తర్వాత మీటరు చేతులు మారకూడదన్న ఒక్క నియమం గట్టిగా నిలబెట్టినా సగం పొరపాట్లు ఆగుతాయి.

మూడోది కాస్త ఇబ్బందికరమైనది. రైతు సేవా కేంద్రం పగలు పనిచేస్తుంది, మీటరు రాత్రి పనిచేస్తుంది. సాయంత్రం తాళం వేసి వెళ్లిపోయే చోట మీటరు ఉంటే అది కాగితం మీదే ఉమ్మడి ఆస్తి. మత్స్య సహాయకుడిని రాత్రంతా మేలుకోమనడం న్యాయం కాదు. కాబట్టి వారానికొక రైతు ఇంట్లో మీటరు ఉండాలి, ఒంటిగంట తనిఖీ ఆ ఇంటివారే చేయాలి, దానికి వారికి చిన్న భృతి ఇవ్వాలి. చెరువుకు ఇంత అని రైతులు వేసే రుసుము నుంచి ఆ భృతి, పొరల ఖర్చు రెండూ వెళ్లవచ్చు. పోయినా పగిలినా ఆ ఒక్క కుటుంబం మీద మొత్తం భారం పడదని మాత్రం రాతపూర్వకంగా చెప్పాలి. ఆ భయం ఉంటే ఎవరూ మీటరును ఇంట్లో పెట్టుకోరు, పెట్టుకున్నా పక్కవాడికి ఇవ్వరు.

ఈ మూడింటిలో మొదటి రెండూ డబ్బుతో అయ్యేవి. మూడోదానికి మీ ఉత్తర్వు కావాలి. వచ్చే వేసవి పంటకు చెరువులు నింపేలోపు అంతర్వేదిలో ఒక రాత్రి, తొమ్మిది చెరువుల మీద, మీ సిబ్బంది సమక్షంలో ఈ వరుసను నడిపి చూపిస్తే, ఆ ఉత్తర్వులో ఏయే వాక్యాలు ఉండాలో ఆ రాత్రి పుస్తకమే చెబుతుంది. అమావాస్య దగ్గరి రాత్రి ఎంచుకోగలరు. టార్చి వెలుగులో ప్రోబు పొరను చూడటం రైతులకు అలవాటు కావలసింది ఆ చీకట్లోనే.

ఇట్లు,
అంతర్వేది చెరువుల మేలు కోరే ఒక పత్రికా రచయిత